ఇరవై గంటలనే మాయ

అమెరికాలో ఎంఎస్ చదివే మన పిల్లలకు ప్రొఫెసర్ దగ్గర్నుంచి "రీసెర్చ్ అసిస్టెంటుగా చేరతావా, జీతం ఇస్తాను" అని మెయిల్ వస్తే ఇక్కడ ఇంట్లో స్వీట్లు పంచుతారు. పంచవలసిందే. క్యాంపస్ క్యాంటీన్లో ప్లేట్లు తీసే పిల్లవాడు ఇకనుంచి ల్యాబులో కూర్చుంటాడంటే గొప్పే కదా! కాకపోతే క్యాంటీన్లో గోడ మీద గడియారం ఉంటుంది. షిఫ్టు అయిపోగానే ఏప్రాన్ విప్పి వచ్చేయవచ్చు. ల్యాబులో ఆ గడియారం ఎక్కడుందో మెయిల్లో రాయరు.

ఆ మెయిల్ ఎలా ఉంటుందో చెబుతాను. ఏ ఒక్కరిదీ కాదు, ఇలాంటివన్నీ కలిపి నేను కుట్టిన నమూనా. "నీ ఉత్సాహం నచ్చింది. వారానికి సగటున ఇరవై గంటలు, గంటకు 18 డాలర్లు. పంట ఆకుల ఫొటోలు వారానికి ఆరువందలు, తెగులు ఉన్నచోట గీత గీసి పేరు పెట్టాలి. అయిదు పేపర్లు చదివి సారాంశం రాయాలి. సోమవారం సమావేశానికి స్లైడ్లు తేవాలి. బీఎస్ పిల్లలు ఇద్దరికి కాస్త సాయం చేయాలి. సర్వరు మీద ప్రోగ్రాములు నడుస్తున్నాయో లేదో చూస్తూ ఉండాలి. అవసరాన్ని బట్టి ఇతర పనులు. వేళలు నీ ఇష్టం."

వేళలు మన ఇష్టమట! పొద్దున ఆరుకి మొదలుపెట్టుకోవచ్చు, అర్ధరాత్రి ముగించుకోవచ్చు. ఆ స్వేచ్ఛ ఎవరు కాదంటారు?

ఒకసారి లెక్క కడదాం. అలవాటున్న చేతికి ఫొటోకి రెండు నిమిషాలు వేసుకుందాం. ఆకు మీద మచ్చ ఒకటే ఉంటే అంతే పడుతుంది, పది ఉంటే భగవంతుడే దిక్కు. ఆరువందల ఫొటోలంటే పన్నెండువందల నిమిషాలు. అంటే ఇరవై గంటలు. మెయిల్లో మొదటి పనితోనే వారం అయిపోయింది, ఇంకా పేపర్ల దగ్గరికే రాలేదు. ఒక్కో పేపరుకు గంటన్నర చొప్పున అయిదింటికి ఏడున్నర. స్లైడ్లకు మూడు, సమావేశానికి ఒకటి. ఆ ఇద్దరు పిల్లల "కాస్త సాయం" రెండు. సర్వరు ఎప్పుడు పడిపోతుందో దానికే తెలియదు గనక నాలుగు. మొత్తం ముప్పై ఏడున్నర గంటలు. జీతం మాత్రం ఇరవై గంటలకు, 360 డాలర్లు. భాగిస్తే గంటకు 9 డాలర్ల 60 సెంట్లు. మెయిల్లోని పద్దెనిమిది దాదాపు సగమైంది. "ఇతర పనులు" ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇందులో అసలు కిటుకు వేరే ఉంది. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. సెలవుల్లో అయితే పూర్తికాలం చేయవచ్చు. చదువు పాడవకూడదని పెట్టిన నియమం అది. చాలాచోట్ల టైమ్‌షీటులో ఇరవై ఒకటో గంట వేయబోతే ఎర్ర గీత పడుతుంది. ఇప్పుడు ముప్పై ఏడున్నర గంటలు చేసిన పిల్లవాడు ఏం రాయాలి? ఉన్నది ఉన్నట్టు రాస్తే నియమం మీరింది తనే, ముప్పు తన వీసాకే. ఇరవై అని రాస్తే మిగతా పదిహేడున్నర గంటల చాకిరీ గాలికి పోతుంది, పైగా అబద్ధం మీద సంతకం తనది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రొఫెసరు మాత్రం గట్టున నిలబడి "మా ల్యాబులో ఎవరూ ఇరవై దాటరు, రికార్డులు చూసుకోండి" అంటాడు. పనికి పెట్టిన హద్దు చివరికి కాగితానికి మాత్రమే మిగిలింది.

"సగటున" అన్న ముక్క మరీ ముచ్చటైనది. కాన్ఫరెన్సు గడువు ముందు వారం నలభై గంటలు చేసి తర్వాతి వారం సున్నా చేస్తే సగటు ఇరవయ్యే కదా అని లెక్కలు వచ్చినవాళ్లే అంటారు. నియమం సగటు చూడదు, ఏ వారానికి ఆ వారమే. పైగా క్యాంటీన్, లైబ్రరీ, ల్యాబు, అన్ని ఉద్యోగాలూ కలిపి ఇరవై. క్యాంటీన్లో ఇప్పటికే పది చేస్తున్నవాడు ల్యాబుకు పదే ఇవ్వగలడు. ఆ సంగతి అడిగే మెయిల్ నాకు కనిపించడం అరుదు.

ఇక "ఈ నెల వాలంటీరుగా మొదలుపెట్టు, ఫండ్ రాగానే జీతం మొదలవుతుంది" అనే రకం ఒకటుంది. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినా అది ఉద్యోగం కిందికే రావచ్చు. ఇంటర్నేషనల్ ఆఫీసు చెప్పకముందే, ఐ-9 ఫారం నింపకముందే ఫొటోల మీద గీతలు మొదలుపెడితే ఆ సాహసం విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఫండ్ రాకపోతే జీతమూ లేదు, పడ్డ పాటుకు సాక్ష్యమూ లేదు.

దీనికి ల్యాబుల్లో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇది పని కాదయ్యా, నేర్చుకోవడం." పీహెచ్‌డీ చేసేవాళ్ల విషయంలో ఇందులో కొంత నిజముంది. ల్యాబులో చేసేదే థీసిస్‌లోకి వెళుతుంది గనక ఎక్కడ పని ఆగిందో, ఎక్కడ చదువు మొదలైందో గీత గీయడం కష్టమే. కానీ మన ఎంఎస్ పిల్లల్లో చాలామందికి థీసిసే ఉండదు. ఆరువందల ఆకులకు గీతలు గీసినందుకు ఏ సబ్జెక్టులో క్రెడిట్ వస్తుంది? మొదటి వంద ఆకుల దగ్గర తెగుళ్లు గుర్తుపట్టడం నేర్చుకుంటాడు, ఒప్పుకుంటాను. మిగతా అయిదువందల దగ్గర నేర్చుకునేది ఓర్పు. దాని మీద వచ్చే పేపర్లో అతని పేరు రచయితల్లో ఉంటుందా, చివర కృతజ్ఞతల్లో ఉంటుందా అన్నది కూడా మెయిల్లో రాయరు.

ఈ మెయిళ్లకు దొంగ నకళ్లూ తిరుగుతుంటాయి. ప్రొఫెసర్ పేరు పెట్టి, ఇంటి నుంచే కొద్దిగంటల పని, వారానికి ఇంత అని రాసి, ఒక చెక్కు పంపి, అందులో కొంత డబ్బుతో గిఫ్ట్ కార్డులు కొనమంటారు. బ్యాంకు మొదట సొమ్ము చూపిస్తుంది, కొన్నాళ్లకు చెక్కు చెల్లదని వెనక్కి లాక్కుంటుంది. కార్డులు కొన్న డబ్బు మాత్రం కుర్రాడిది. ఒక్క మాట అనకుండా ఉండలేను: పని ఎంత, జీతం ఎంత అన్నది దొంగవాడే స్పష్టంగా రాస్తాడు! అసలు ప్రొఫెసరు తనని దొంగ అనుకుంటారేమోనన్న భయంతో అంత స్పష్టంగా రాయడేమో.

మంచి మెయిల్ రాయడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఫొటోలు మూడువందలు, పది గంటలు. పేపర్లు రెండు, మూడు గంటలు. సమావేశం, స్లైడ్లు కలిపి మూడు. సర్వరు నాలుగు. వేరే ఉద్యోగం ఉందా, ఉంటే ఎన్ని గంటలు? కాగితాలు పూర్తయ్యాకే మొదలు. గడువు వారంలో ఫొటోలు ఆపి గడువు పని చేద్దాం. అంతే, ఏడు వాక్యాలు. ఇరవై గంటలు నిండాయి, చూశారా, ఆ ఇద్దరు బీఎస్ పిల్లలకు చోటు మిగల్లేదు. వాళ్లకు సాయం ప్రొఫెసరు గారే చేయాలి, లేదా ఇంకొకరికి జీతమివ్వాలి.

అంతవరకు పిల్లలు ఊరికే "థాంక్యూ ప్రొఫెసర్" అని తలూపకుండా మర్యాదగా ఇలా జవాబివ్వవచ్చు: "మీ అవకాశానికి కృతజ్ఞతలు. మీరు చెప్పిన పనులకు వారానికి ముప్పై ఏడున్నర గంటలు పడతాయని నా అంచనా, వివరాలు కింద ఇస్తున్నాను. వీసా నియమం ప్రకారం నేను ఇరవైకి మించి చేయలేను. వీటిలో ఏవి పక్కన పెట్టమంటారో చెప్పండి. ఇంటర్నేషనల్ ఆఫీసు వారికి కూడా ఈ మెయిల్ కాపీ పంపుతున్నాను."