ఇష్టమైతేనే చూడండి బాబూ!

మొబైల్ ఆటలు తయారుచేసేవాళ్ల నోట ఈ మధ్య ఒకటే మాట: "మేం ఎవర్నీ బలవంతపెట్టం. వీడియో యాడ్ చూస్తే బహుమతి ఇస్తాం, చూడకపోతే వాళ్లిష్టం." ఎంత పెద్దమనసో! గూగుల్ ప్లే నియమాలు కూడా ఈ ఇష్టానికి పెద్దపీట వేశాయి. పదిహేను సెకన్లు దాటినా మూయనివ్వని ఫుల్‌స్క్రీన్ యాడ్‌లు పెట్టొద్దంటూనే, ఆడేవాడు కోరి చూసే యాడ్‌లకు మినహాయింపు ఇచ్చాయి. ఇష్టం అనే ముద్ర పడిందంటే ముప్పై సెకన్లైనా కూర్చోబెట్టొచ్చన్నమాట. ఇంకేం, ఇష్టాన్ని తయారుచేసే పని జోరందుకుంది.

తయారీ విధానం చూడండి. బుడగలు పేల్చే ఆట ఒకటి ఉందనుకుందాం. మొదటి పది లెవెల్స్ వెన్నలో కత్తి దిగినట్టు సాగిపోతాయి. పదకొండో లెవెల్ మామూలు ఆటగాడికి ఇరవై రెండు షాట్లలో పూర్తవుతుందని తెలిసి, డిజైనర్ ఇరవై ఐదు ఇచ్చాడు. ఆదాయం చూసే పెద్దాయన వచ్చి దాన్ని ఇరవై చేశాడు. ఇప్పుడు మనవాడు సరిగ్గా రెండు బుడగలు మిగిలి ఉండగా ఓడిపోతాడు. వెంటనే తెరమీద బంగారు బటన్: "వీడియో చూడండి, ఐదు షాట్లు పొందండి!" కింద చీమంత అక్షరాల్లో, బూడిదరంగులో: "వద్దులే, నాకు ఓడిపోవడమే ఇష్టం." ఈ రెండో బటన్ విద్యకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో పేరే పెట్టారు, కన్ఫర్మ్ షేమింగ్ అని. సోమవారం మీటింగ్‌లో మాత్రం గ్రాఫ్ పైకి లేస్తుంది. "చూశారా, జనానికి మన యాడ్‌లంటే ఎంత ప్రేమో!"

శ్రీశైలంలో ఉచిత దర్శనం క్యూని కావాలని కదలనీయకుండా ఆపి, పక్కన టికెట్టు కౌంటర్ తెరిచి, "భక్తులు ఇష్టంగా కొంటున్నారు" అని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

ఈ ప్రేమకథ అసలు రంగు చూడాలంటే దోర్నాల నుంచి సున్నిపెంట వెళ్లే బస్సెక్కాలి. నల్లమల ఘాట్‌లో సిగ్నల్ వస్తుంది, పోతుంది. ఎక్కువగా పోతుంది. దోర్నాలలో సిగ్నల్ ఉన్నప్పుడు ఆట ఒక యాడ్‌ను ముందే లోడ్ చేసుకుంది. గూగుల్ యాడ్‌మాబ్‌లో అలా దించుకున్న యాడ్ ఆయుష్షు ఒక గంట. తర్వాత అది చెల్లదు. కొండెక్కాక బస్సులో ఆడుతున్న కుర్రాడు ఓడిపోతాడు, బంగారు బటన్ ధగధగలాడుతుంది, నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. యాడ్ చేతిలో ఉందో లేదో చూసుకుని, లేకపోతే బటన్‌నే దాచేయడానికి రెండు లైన్ల కోడ్ చాలు. ఆ రెండు లైన్లు ఎవరూ రాయరు, బటన్ తళతళలకు మాత్రం వారం పని చేస్తారు.

అంతకన్నా ఘోరం ఇంకోటుంది. వీడియో ఆఖరిదాకా చూశాడు. ఫోన్‌లో "బహుమతి సంపాదించాడు" అనే కబురు కూడా వచ్చింది. అయినా ఆట మాత్రం సర్వర్ నుంచి ధ్రువీకరణ వచ్చేదాకా షాట్లు ఇవ్వనని భీష్మించుకుంది. అడవిలో సర్వర్ ఎక్కడ దొరుకుతుంది? ఒంటరిగా ఆడే ఆటలో ఐదు షాట్లు ఎవడైనా దొంగిలిస్తే కంపెనీ దివాళా తీయదు. ఫోన్‌లో కబురు అందగానే ఇచ్చేసి, లెక్క తర్వాత సరిచూసుకోవచ్చు. పోటీ ర్యాంకులో, డబ్బుతో కొనే నాణేలో ఉంటే సంగతి వేరు, అక్కడ జాగ్రత్త అవసరమే.

"అయితే యాడ్‌లు పెట్టొద్దా, మేం ఏం తినాలి?" అంటారు. క్రాసీ రోడ్ వాళ్లు తిన్నారుగా! 2014లో ఆస్ట్రేలియాలోని హిప్‌స్టర్ వేల్ అనే చిన్న బృందం వదిలిన కోడిపిల్ల ఆట అది. మొదటి మూడు నెలల్లో సుమారు కోటి డాలర్లు వస్తే, అందులో ముప్పై లక్షల దాకా వీడియో యాడ్‌ల మీదే. రోడ్డు దాటుతూ కోడి చచ్చిందంటే చచ్చిందే, అప్పట్లో యాడ్ చూసి బతికించుకునే బేరం లేదు, వెంటనే మళ్లీ మొదలు. ఒక ఆట ముగిసి ఇంకో ఆట మొదలయ్యే సందులో, అదీ అప్పుడప్పుడు, వీడియో చూస్తే నాణేలిస్తామనేది. ఆ నాణేలతో కొత్త బొమ్మ వచ్చేది. కోడికి బదులు వేరే జంతువుతో ఆడుకోవచ్చు, అంతే. ఆ జంతువు లేకపోయినా రోడ్డు అంతే వెడల్పు.

మన పెద్దాయన ఆటకూ ఒక తేలిక పరీక్ష ఉంది. కొంతమంది ఆటగాళ్లకు రెండు వారాలు ఆ బటన్ అసలు చూపించకూడదు. మిగతావన్నీ ఒకేలా ఉంచి, వాళ్లు పదకొండో లెవెల్ దాటుతున్నారా, మర్నాడు మళ్లీ వస్తున్నారా అన్నది బటన్ ఉన్నవాళ్లతో పోల్చాలి. పదో లెవెల్ దాకా సాఫీగా ఉండి పదకొండు దగ్గర సగం మంది కూలబడితే, బటన్ నొక్కినవాళ్ల లెక్క ప్రేమ లెక్క కాదని తేలిపోతుంది. ఈ మాట పెద్దాయనకు చెబితే శ్రద్ధగా విన్నాడు, నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

"తప్పకుండా చేద్దాం. ఫలితం వచ్చేలోపు పన్నెండో లెవెల్‌లో కూడా రెండు షాట్లు తగ్గించండి" అన్నాడు.