ఒక్క నొక్కుతో ప్రింట్ రెడీ

కరపత్రం ఫైలును ప్రెస్సుకు పంపే ముందు చేయాల్సిన పని ఈ మధ్య రద్దయిపోయింది. ఫోన్‌లో యాప్ తెరవడం, టెంప్లేట్‌లో సంస్థ పేరు మార్చడం, మూలన పచ్చగా వెలిగే ‘ప్రింట్ రెడీ’ గుర్తు చూసి మురిసిపోవడం, వాట్సాప్‌లో ప్రెస్సుకు తోసేయడం, అంతే. జూన్‌లో దినపత్రిక విప్పగానే ఒళ్లో రాలిపడే ట్యూషన్ సెంటర్ల కరపత్రాలు చాలావరకు ఈ దారిన పుట్టినవే. ఈ కొత్త శాస్త్రం ప్రకారం బ్లీడ్, మార్జిన్, కలర్ మోడ్, రిజల్యూషన్ అనేవి డీటీపీ వాళ్ల పాత చాదస్తాలు.

ఆ చాదస్తాల్లో మొదటిది కొలత. ఏ4 కరపత్రం కోసిన తర్వాత 210 × 297 మి.మీ. ఉంటుంది. అచ్చు మాత్రం అంతకంటే పెద్ద షీటు మీద పడుతుంది. సిరా ఆరాక షీట్లను గుట్టగా పేర్చి కటింగ్ మెషిన్ కింద పెడతారు. కత్తి దిగేటప్పుడు గుట్టలో కాగితం కాస్తో కూస్తో జరగక మానదు. నీలం రంగు సరిగ్గా 210 × 297 దగ్గరే ఆగిపోయి ఉంటే, అర మిల్లీమీటరు జరిగినా అంచున తెల్లగీత తేలుతుంది. అందుకే రంగును నాలుగు వైపులా 3 మి.మీ. చొప్పున బయటికి సాగదీసి 216 × 303 చేస్తారు. ఆ అదనపు పట్టీయే బ్లీడ్. కోతలో పోవడానికే అది పుడుతుంది. టెంప్లేట్ భక్తులకు ఇంకో ఉపాయం ఉంది: మొత్తం బొమ్మను లాగి పెద్దది చేయడం. అప్పుడు రంగుతో పాటు అంచునున్న ఫోన్ నంబరూ బయటికి జరుగుతుంది. అడ్మిషన్ల కోసం తొమ్మిది అంకెలకు ఫోన్ చేసే తల్లిదండ్రులు దొరికితే ఇబ్బందేమీ లేదు.

కోత గీతకు లోపలి వైపు కనీసం 5 మి.మీ. దాకా అక్షరం పెట్టకూడదు. అంచును ఆనుకుని సన్నటి బార్డర్ గీసే ముచ్చట కూడా మానుకోవాలి. కోత రవ్వంత పక్కకు పోయినా, ఒకవైపు లావుగా మరోవైపు సన్నగా కనిపించి అది ఊరంతా చాటుతుంది.

ఇక రిజల్యూషన్. కొత్త శాస్త్రానికి ఇది గర్వకారణం. చేతిలో పట్టుకుని చదివే కరపత్రంలో ఫొటోలకు అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలన్నది ప్రెస్సుల్లో స్థిరపడ్డ లెక్క. అంటే బ్లీడ్‌తో కలిపి ఏ4కు 2551 × 3579 పిక్సెల్స్ కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే బొమ్మ పొడవు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించుకుపోతుంది. 303 మి.మీ. అంటే దాదాపు 12 అంగుళాలు. 1600ను అంత పొడవున పరిస్తే అంగుళానికి 134 వస్తాయి. కావాల్సినదాంట్లో సగం కూడా లేదు.

దీనికి చెబుతున్న మందు మహాద్భుతం. ఫైలును ఫొటోషాప్‌లో తెరిచి, Image Size పెట్టెలో 72 ఉన్నచోట 300 అని కొట్టాలట! మీటనొక్కితే నాణ్యత వచ్చేస్తుందట. ఆ పెట్టెలో Resample అనే చిన్న గడి ఒకటి ఉంటుంది. దాని టిక్కు తీసేసి 300 కొడితే బొమ్మలో ఒక్క పిక్సెల్ కూడా మారదు. అచ్చు కొలత మాత్రమే కుదించుకుపోయి 1600 పిక్సెల్స్ పొడవు 13.5 సెం.మీ. అవుతుంది. అది నిజాయితీ గల 300. ఏ4లో సగం పొడవైనా రాదు, అంతే. టిక్కు ఉంచి 3579కి పెంచితే, పొడవూ వెడల్పూ రెండుంబావు రెట్ల చొప్పున పెరిగి, మొత్తం పిక్సెల్స్ అయిదు రెట్లవుతాయి. ప్రతి అయిదింటిలో నాలుగు సాఫ్ట్‌వేర్ అటూ ఇటూ చూసి ఊహించినవి. ఒక గ్లాసు మజ్జిగను అయిదుగురికి పంచడం ఇదే పద్ధతిలో జరుగుతుంది.

ఆ బొమ్మను పీడీఎఫ్‌లో పెట్టి పంపడం ఇంకో ఘనత. చొక్కా మార్చినంత మాత్రాన పిక్సెల్స్ పుట్టవు.

దీని దెబ్బ ముందుగా తగిలేది తెలుగు అక్షరానికి. ఇంగ్లిష్ పెద్దక్షరం కాస్త మసకబారినా పోల్చుకోవచ్చు. తెలుగులో సన్నటి వత్తు, దీర్ఘం, సుడి కలిసి ఒకే ముద్దయితే చదివేవాడు ఊహించుకోవాల్సిందే. జేపీజీ కుదింపు అక్షరాల అంచుల చుట్టూ బూడిద మరకలు కూడా పోస్తుంది. అక్షరాలు పిక్సెల్స్‌గా ఉండాల్సిన అవసరమే అసలు లేదు. కోరల్‌డ్రాలోనో ఇన్‌డిజైన్‌లోనో పేజీ కట్టి, ఫాంట్లు ఫైలులో చేర్చిగానీ కర్వ్స్ చేసిగానీ పీడీఎఫ్ తీస్తే, అక్షరం గీతల రూపంలోనే ప్లేటు దాకా వెళ్తుంది. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. ఇదేమీ రహస్య విద్య కాదు. ఊళ్లో ఏ డీటీపీ సెంటర్లో కూర్చున్న కుర్రాడికైనా తెలుసు. ఆ కుర్రాడికి ఇవ్వాల్సిన కొద్దిపాటి డబ్బు మిగుల్చుకుని, వేల కాపీలు మసకగా అచ్చయ్యాక మాత్రం ప్రెస్సు వాడి మెషిన్ పాతదని గొడవకు దిగుతారు. కాగితం ఖర్చు, ప్లేట్ల ఖర్చు, కూలీ అన్నీ అతని నెత్తినే రుద్దుతారు. ఇది అజ్ఞానం కాదు, బుకాయింపు.

రంగుల సంగతీ అంతే. ఫోన్ తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో. తెర మీది ఆర్‌జీబీ నీలం, రేడియం పచ్చ సీఎంవైకే సిరాల్లో ఆ మెరుపుతో రావు. నీలం ఊదా వైపు వాలుతుంది, పచ్చ మట్టిబారుతుంది. ఆ మార్పు ఎలాగూ తప్పదు కాబట్టి డిజైన్ దశలోనే ఫైలును సీఎంవైకేలో పెట్టి చూసుకుంటే, ర్యాంకర్ల ఫొటోల వెనక ఏ నీలం నప్పుతుందో ముందే తేల్చుకోవచ్చు. ప్లేట్లు తీసే కంప్యూటర్ చివర్లో గుడ్డిగా మార్చేదాకా ఆగితే దొరికింది తీసుకోవాలి.

అన్నింటికంటే మోసకారి నల్ల అక్షరం. ఆర్‌జీబీ నలుపును ఫొటోషాప్‌లో చాలాకాలంగా ఉన్న అమెరికన్ సెట్టింగ్‌తో మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. ఒక్క వత్తు కోసం నాలుగు ప్లేట్లు, మొత్తం 300 శాతం సిరా. ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగితే అక్షరం అంచున ఎర్రటో నీలపుదో నీడ పడుతుంది. సిరా ఎక్కువై ఆరక వెనక షీటుకు అంటుకునే ప్రమాదమూ ఉంది. చిన్న అక్షరాలకు నలుపు 100, మిగతా మూడూ సున్నా. నీలం మీద పడే నల్ల అక్షరానికి ఓవర్‌ప్రింట్ పెడితే చుట్టూ తెల్లగీత కూడా తేలదు.

పంపే ముందు పరీక్ష పచ్చ గుర్తుకు వదిలేయనక్కర్లేదు. పీడీఎఫ్‌ను 400 శాతానికి పెంచి చూస్తే అక్షరం అంచు నున్నగా ఉందా, మెట్లు మెట్లుగా ఉందా తెలిసిపోతుంది. అక్రోబాట్ ప్రోలోని Output Previewలో నలుపు ప్లేటు ఆపేస్తే నల్ల అక్షరాలు పూర్తిగా మాయం కావాలి. తెల్ల కాగితం మీది అక్షరానికి రంగు దయ్యం మిగిలితే అది నాలుగు సిరాల నలుపే. ఆ తర్వాత ఏ3 కాగితం మీద నూటికి నూరు శాతం కొలతతో ఒక ప్రింటు తీసి, కటింగ్ మార్కుల వెంట స్కేలు పెట్టి కోసి, ఫోన్ నంబరు అంకెలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. అన్నీ ఉంటే ఫైలును మెయిల్లో పంపాలి. వాట్సాప్‌లోనే పంపి తీరాలనుకుంటే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి.