మా ఆదివారం బాబాయి

మా బాబాయిని బద్ధకస్తుడంటే నేనొప్పుకోను. బద్ధకస్తులు పనులు మర్చిపోతారు. ఈయన ఒక్కటీ మర్చిపోడు, చెయ్యడంతే.

రాజమండ్రిలో వాళ్ల వంటింటి తలుపు పక్కన క్యాలెండరు ఉంటుంది. ప్రతి ఆదివారం గడిలోనూ ఎర్ర సిరాతో ‘బ్యాటరీ నీళ్లు’, ‘రేడియో రిపేరు’ అని రాసి, పక్కనే వచ్చే ఆదివారం వైపు ఒక బాణం గీస్తాడు. నెలాఖరున బాణానికి చోటు చాలకపోతే మిగతాది తర్వాతి పేజీలో పూర్తిచేస్తాడు. ‘మీ బాబాయి బాణాలు ప్రతివారం వేస్తారు, ఒక్కటీ తగలదు’ అంటుంది పిన్ని.

మొన్న వెళ్లేసరికి కరెంటు పోయి, ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతోంది. ‘బ్యాటరీలో నీళ్లు పోసి తొమ్మిది వారాలైందిరా, ఇది ఏదో రోజు కొంప ముంచుతుంది’ అని ఆయన దిగులు. కరెంటొచ్చాక స్విచ్చి కట్టేసి ఇద్దరం చూశాం. ఆరు మూతలకీ ఆరు పుల్లలు. నాలుగు పచ్చగీత దగ్గరే ఉన్నాయి, రెండు మాత్రం ఎర్రగీతకి కాస్త పైన. పిన్ని చెంబుతో కుళాయి నీళ్లు తెచ్చింది. వద్దన్నాను, అందులోని లవణాలు బ్యాటరీని తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ పచ్చగీత దాకా పోసి ఆపాం, ఇంకా పోస్తే ఛార్జింగులో యాసిడ్ పొంగి బయటికొస్తుంది. మొత్తం పది నిమిషాలు. అందులో ఆరు, క్యాను ఎక్కడుందో వెతకడానికే.

తొమ్మిది వారాలకి తగ్గింది అంతే! అంటే తప్పు బాబాయిది కాదు, ‘ప్రతివారం’ అన్న మాటది. రెండు నెలల పనిని వారానికొకటి చొప్పున రాసుకుని, పాపం, ఎనిమిదింట ఏడు ఆదివారాలు ఊరికే దోషిగా నిలబడ్డాడు. అలాగని కొట్టెయ్యడానికీ లేదు. నీళ్లు ఎర్రగీత దాటి దిగి లోపలి ప్లేట్లు ఆరాయంటే మళ్లీ ఎన్ని పోసినా పూర్వపు బలం రాదు.

‘వారం సంగతి వదిలెయ్ బాబాయ్. మీటరు చూసే అబ్బాయి వస్తాడుగా? రెండు బిల్లులకోసారి మూతలు చూడు, ఎండాకాలం ప్రతి బిల్లుకీ చూడు’ అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. ‘మరి ఆదివారం ఏం చెయ్యనురా?’

రేడియో దగ్గరికొచ్చాం. అది మూడు క్యాలెండర్ల నాటి బాణం.

‘బాగుచెయ్యకపోతే ఏమైంది?’

‘ఏం కాలేదు.’

‘చేస్తే వింటావా?’

‘వార్తలు ఫోన్లో వింటున్నాగా.’

‘అయితే కొట్టెయ్.’

పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ‘కొట్టేస్తే ఓడిపోయినట్టు కాదుట్రా?’

వంటింట్లోంచి పిన్ని గొంతు: ‘ఆ రేడియోని కిందటి సంక్రాంతికే పాత సామాన్లవాడికి వేసేశానండీ!’

అంటే ఆర్నెల్లుగా ఇంట్లో లేని రేడియో మీదికి బాణాలు వేస్తున్నాడన్నమాట. కడుపుబ్బ నవ్వుకుంటూ బస్సెక్కాను. గామన్ వంతెన కూడా దాటకముందే జేబులో ఫోను మోగింది: ‘శనివారం, హార్మోనియం సాధన’. హార్మోనియం మా చెల్లెలి ఇంట్లో ఉంది, నాలుగేళ్లయింది. ‘వచ్చే వారం’ అని నొక్కాను.