పీడీఎఫ్ తెరవకండి

షేరు కొన్నవాళ్లకు రాత్రి నిద్ర ముఖ్యం. కాబట్టి బీఎస్ఈ సైట్‌లో మీ కంపెనీ ప్రకటనల వరస కనిపించినప్పుడు శీర్షిక దగ్గరే ఆగిపోండి. పక్కనున్న పీడీఎఫ్ బొమ్మను నొక్కినవాళ్లెవరూ హాయిగా లేరు.

ముందు వారంట్ల సంగతి. మీ కంపెనీకి 2 కోట్ల షేర్లున్నాయనుకుందాం. ఒక్కోటి 100 రూపాయల చొప్పున 40 లక్షల వారంట్లు ప్రమోటర్లకూ, ఇంకొందరికీ కేటాయించామని ప్రకటన వచ్చింది. వెంటనే 40 కోట్లు వచ్చేశాయని సంబరపడండి. నిజానికి ఆ రోజు చేతికొచ్చేది నాలుగో వంతు, అంటే 10 కోట్లే. మిగతా 30 కోట్లు కట్టడానికి వాళ్లకు 18 నెలల గడువుంది. ఈలోగా షేరు 180కి పోతే 75 రూపాయలు కట్టి 100కే షేరు తీసుకుంటారు. 60కి పడితే కట్టిన 25 వదిలేసుకుని తప్పుకుంటారు, కంపెనీ ఫ్యాక్టరీ సగంలో ఆగుతుంది. ఇవన్నీ ఆలోచిస్తే తలనొప్పి తప్ప ఏముంది?

షేర్లుగా మారడం కూడా ఒక్కసారి జరగదు. ఈ నెల 5 లక్షలు, రెండు నెలలకు మరో 8 లక్షలు. ప్రతి ప్రకటననూ చిన్న విషయమని వదిలేయండి, కూడిక మాత్రం చేయకండి. చేస్తే 2 కోట్లు 2 కోట్ల 40 లక్షలైనట్టు, మీ ఒక శాతం వాటా 0.83కి జారినట్టు తెలిసిపోతుంది. మీరు చూసే యాప్‌లో పాత షేర్ల లెక్కతోనే పీఈ చూపిస్తుంటే ఇంకా మంచిది, చవగ్గా కనిపిస్తుంది.

ఈ కేటాయింపుకు ముందు వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి కాబట్టి మీకో నోటీసు వచ్చే ఉంటుంది. ఈ-వోటింగ్ మెయిల్ కదా, డిలీట్ కొట్టేయండి. వారంట్లు ఎవరికిస్తున్నారు, ఆ సంస్థల వెనకున్న అసలు మనుషులెవరు, తర్వాత ఎవరి వాటా ఎంతవుతుంది అన్నవి రాయాల్సింది అందులోనే. కేటాయింపు ప్రకటన వచ్చేసరికి మీ వోటు అవసరం తీరిపోయి ఉంటుంది, అదొక ప్రశాంతత.

ఇక రాజీనామాలు. స్వతంత్ర డైరెక్టర్ 'వ్యక్తిగత కారణాల' వల్ల వెళ్లిపోయారని ఉంటే పాపం ఏ ఆరోగ్య సమస్యో అనుకోండి. సెబీ నిబంధనల ప్రకారం ఆయన లేఖను ఏడు రోజుల్లోగా ఎక్స్ఛేంజీకి ఇవ్వాలి. వేరే ముఖ్య కారణాలేవీ లేవన్న ధ్రువీకరణ, ఆయన ఇంకా ఏయే లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో ఉన్నారన్న జాబితా కూడా ఇవ్వాలి. ఆ జాబితా చూడొద్దు. తీరిక లేదని మీ కంపెనీ నుంచి తప్పుకున్న మనిషి మరో నాలుగు బోర్డుల్లో హాయిగా కొనసాగుతున్నట్టు కనిపించిందంటే ఆ రాత్రి నిద్ర పోయినట్టే. ఆయన ఆడిట్ కమిటీలో ఉండేవారా అనీ, ఆ నెలల్లోనే ఆడిటర్ కూడా మారారా అనీ వెనక్కి వెళ్లి వెతకడం మరీ చెడ్డ అలవాటు.

ప్రకటనలను ఒకదానితో ఒకటి కలిపి చూడకూడదనడానికి మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్సే ఉదాహరణ. 2008 డిసెంబర్ 16న రెండు మేటాస్ కంపెనీలను కొంటామని బోర్డు ప్రకటించింది, గంటల్లోనే వెనక్కి తీసుకుంది. మనసు మార్చుకున్నారు, తప్పేముంది! నెలాఖరులోగా బయటి డైరెక్టర్లు నలుగురు రాజీనామా చేశారు. డిసెంబర్ 29న జరగాల్సిన బోర్డు సమావేశం జనవరి 10కి వాయిదా పడింది. పండగ రోజులు కదా. విడివిడిగా చూస్తే దేనికదే మామూలు కబురు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ ఎక్స్ఛేంజీలకు చేరింది, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేవని. ఆ ఒక్కరోజే షేరు నాలుగింట మూడొంతులకు పైగా పడింది. అప్పటిదాకా శీర్షికలు మాత్రమే చదివినవాళ్లు మూడు వారాలు కమ్మగా నిద్రపోయారు.

ఇంత చెప్పినా ఏదో ఒకటి చూడాలనిపిస్తే, త్రైమాసికం ముగిశాక 21 రోజుల్లోగా వచ్చే వాటాదారుల పట్టికను ఒక్కదాన్నే చూడండి, పాతదాన్ని పక్కన పెట్టుకోకండి. ఒక శాతం దాటిన బయటి వాటాదారుల పేర్లు అందులో ఉంటాయి. వారంట్లు మార్చుకున్న ప్రమోటరేతరుల షేర్లకు ట్రేడింగ్ అనుమతి వచ్చాక ఆరు నెలలు లాక్-ఇన్. అది తీరిన తర్వాతి పట్టికలో ఒక పేరు మాయమైందని తెలియాలంటే రెండూ పక్కపక్కనే ఉండాలి మరి.