పులి పేడ తినదు

పద్మాపూర్‌లో ఈగకు పుట్టినిల్లు ఎక్కడని అడిగితే ఎవరూ తమ గుమ్మం చూపించరు. ఒకరు తాడోబా అడవి వైపు చెయ్యి చాపుతారు, ఒకరు బొగ్గు గని వైపు. చెయ్యి అంత దూరం చాపే ఓపిక లేనివారు పక్కింటి వైపు చూస్తారు. బొగ్గు తిని బతికే ఈగ మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా కనబడలేదు. “అడివి పక్కన ఉన్నోళ్లకు ఈగలు రాకుండా ఎట్ల ఉంటయి తమ్మీ?” అని ఒక పెద్దాయన నన్నే నిలదీశాడు. ఆయన కూర్చున్న మంచానికీ పెంటకుప్పకూ మధ్య దూరం ఆయన చేతికర్ర పొడవుంటుంది.

కొట్టం ఇంటికి ఆనుకుని ఉండటంలో తప్పేమీ లేదు. చిరుతలూ పులులూ తిరిగే ఊరిది. ఆవునూ మేకలనూ పొలం చివర కట్టేసి రమ్మని చెప్పే సలహాదారు ఒక్క రాత్రి అక్కడ తానే పడుకుని చూడాలి. పశువు గోడవారగానే ఉండాలి, ఒప్పుకుందాం. అయితే పేడ కూడా గోడవారగానే ఎందుకుండాలి? పులి పేడ తినదు. దాన్ని ఊరవతలికి మోసుకుపోయినా ఎత్తుకుపోయేవాళ్లు లేరు. కానీ మనవాళ్లు పశువుకు ఇచ్చిన కాపలా పేడకూ ఇస్తారు.

ఆ కాపలాలో ఏం పెరుగుతుందో ఒక ఇంటి లెక్క చూద్దాం. రెండు ఆవులు, ఒక గేదె అనుకోండి. ఆవుకు పది కిలోల చొప్పున, గేదెకు పదిహేను కిలోలు, రోజుకు ఉజ్జాయింపుగా 35 కిలోల పేడ. సోమవారం పొద్దున తీసి పోసిన పచ్చిపేడ మీద ఆడ ఈగ ఒక్కో విడతలో వంద దాకా గుడ్లు పెడుతుంది. ఎండాకాలమైతే మంగళవారానికల్లా పురుగులు బయటపడతాయి. నాలుగైదు రోజులు పేడ లోపలే తిని, శనివారం నాటికి తడి వదిలి కుప్ప అంచుకు, పొడిమట్టిలోకి జరుగుతాయి. అక్కడ గోధుమరంగు గుళికలుగా మారి కదలకుండా పడి ఉంటాయి. మరి నాలుగైదు రోజులకు ఈగలై లేస్తాయి. అంటే వారానికి రెండుసార్లు కుప్పను కదిలిస్తే చాలు, ఏ ఈగకూ పెద్దయ్యే గడువు దొరకదు. మనం నెలకోసారి, ఎడ్లబండి దొరికినప్పుడు కదిలిస్తాం. అప్పటికి కుప్పలో ముత్తాతలు కూడా కాపురం పెట్టేసి ఉంటారు.

అనుమానం ఉన్నవారు కుప్ప నడుమ వెతకొద్దు. అంచున కర్రతో రెండు అంగుళాలు తవ్వాలి. తెల్ల పురుగులు కనిపిస్తే ఇంకా సమయం ఉంది. ఖాళీ గుళికలు కనిపిస్తే పిల్లలు అప్పుడే ఇంట్లోకి వచ్చి అన్నం మీద కూర్చున్నారని అర్థం.

ఈ పెంపకానికి మనం చేసే చికిత్స పొగ. సాయంత్రం వేపాకు పొగ వేస్తే ఈగలు కొట్టంలోంచి లేచి వంటింట్లోకి నడుస్తాయి. పొగ ఆరాక తిరిగొస్తాయి. వాటికది సాయంకాలపు షికారు. ఇది చాలదని పంచాయతీని పొగబండి అడుగుతాం. ఆ పొగకు ఎగిరేవి రాలతాయి, గుళికల్లో ఉన్నవాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. రెండు రోజులకు కొత్త ఈగలు లేస్తే మందు నకిలీదని తీర్మానం చేస్తాం. తీర్మానం మీద సంతకాలు పెట్టేవారిలో ఒక్కరి కుప్పకైనా కప్పు ఉందేమో చూడండి.

కప్పు అంటే పందిరి కాదు, ఒక ప్లాస్టిక్ పట్ట. పేడను పరచకుండా గుట్టగా తొక్కి, పట్ట కప్పి, అంచులను మట్టితో అదిమితే లోపల అదే ఉడుకుతుంది. ఇనుప కడ్డీ గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకుంటే చెయ్యి కాలాలి. కాలకపోతే పేడ మరీ తడిగా ఉందనో, గుట్ట మరీ చిన్నదనో లెక్క. కొంచెం ఎండుగడ్డి కలపాలి. పైపొర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, పురుగులు చేరేదీ అక్కడికే. అందుకే పట్ట లేని కుప్ప ఎంత ఉడికినా ఉపయోగం సగమే. ఎండాకాలంలో పిడకలు కొట్టేవాళ్లు ఈ తంటా లేకుండానే బయటపడతారు. పలచగా ఎండిన పేడలో పురుగు బతకదు. వానాకాలంలో ఆ దారి మూసుకుపోతుంది.

ఇక మురుగు. 2021లో మహారాష్ట్ర ప్రభుత్వం శరద్ పవార్ గ్రామ సమృద్ధి యోజన పేరుతో కొట్టాలకు సాయం ప్రకటించింది. గట్టి నేల, గాడి, మూత్రం చేరే తొట్టి అన్నీ నమూనాలో ఉన్నాయి. నేల వేసే మేస్త్రీకి మాత్రం వాలు అంటే అనవసర ఖర్చు. పది అడుగులకు రెండు మూడు అంగుళాల వాలు ఉంటే చాలు, అంతకు మించితే గొడ్డు జారుతుంది. ఒక బకెట్ నీళ్లు గాడి దగ్గర పోసి పది నిమిషాలు ఆగండి. నీళ్లు నిలిచిన చోట మూత్రమూ గడ్డీ కలిసి కుళ్లుతాయి. పశువు కాళ్లను పీకి రక్తం తాగే కుట్టే ఈగకు కావలసిన పురిటిగది అదే. కాలువ లోతుగా, బండలతో కప్పి ఉంటే చూడ్డానికి దర్జాగా ఉంటుంది, చీపురు పోదు. అడుగు వెడల్పు, అరచేతి లోతు, పైన ఏమీ లేని కాలువ మేలు.

పిడుదుల విషయంలో మనవాళ్ల దయాగుణం ఇంకా గొప్పది. ఆవు పొదుగు దగ్గర రక్తం తాగి ఉబ్బిన, ఆముదపు గింజంత పిడుదును గోటితో పీకి కొట్టంలోనే విసిరేస్తారు. అది కడుపుతో ఉన్న ఆడది. గోడ పగుల్లోకి పాకి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. నాటేది మనం, మొలిచేది మన మేకల చెవుల్లో. పీకిన పిడుదును సబ్బునీళ్ల డబ్బాలో వెయ్యాలి. గోళ్ల మధ్య చిదపకూడదు. 2011లో గుజరాత్‌లో బయటపడిన కాంగో జ్వరం చిదిమిన పిడుదు రక్తంతోనూ అంటుకోగలదు.

గనులున్న చోట కాలిన ఇంజన్ ఆయిల్‌కు కరువుండదు కాబట్టి దాన్ని పశువుకు పూసే వైద్యులకూ కరువు లేదు. చర్మం పొక్కుతుంది, దూడ తల్లిని నాకుతుంది, గోడలో పిడుదులు నిశ్చింతగా ఉంటాయి. మందు పిచికారీ చేసేవారేమైనా తెలివైనవాళ్లా అంటే, సీసాలో మిగలాలని చెప్పిన కొలతలో సగమే కలుపుతారు. చావని పిడుదులు ఆ మందుకు అలవాటు పడతాయి. గోడను ముట్టుకోరు, రెండు మూడు వారాల తర్వాత పుట్టే పిల్లల కోసం మళ్లీ కొట్టరు. మేత కోసం పొదల్లో తిరిగిన పశువు కొన్ని పిడుదులను అడవి నుంచి తెస్తుంది, నిజమే. పగుళ్లకు సిమెంటు రాసి, పశువుకూ గోడకూ ఒకే రోజు మందు కొట్టిన ఇంట్లో అవి సంసారం పెట్టలేవు. మందు కొట్టేటప్పుడు గాడి ఖాళీగా ఉండాలి, పశువుకు ముందే నీళ్లు పట్టి ఉండాలి. లేకపోతే ఒళ్లు నాక్కుని నురగలు కక్కుతుంది.

ఇదంతా ఎందుకు, ఒక్క ఐవర్మెక్టిన్ ఇంజక్షన్‌తో పోదా అంటారు. పిడుదులు కొంతవరకు తగ్గుతాయి. మందు పాలలోకి దిగుతుంది గనక మనుషులు తాగే పాలిచ్చే పశువుకు అది వద్దు. అయినా సూది పొద్దున పడుతుంది, పాలు సాయంత్రం చాయ్ దుకాణానికి వెళ్తాయి. అక్కడ గ్లాసులో ఈగ పడితే మాత్రం చాయ్ పారబోయించి, దుకాణదారుకు శుభ్రత గురించి పావుగంట చెప్పి వస్తాం.