మహారాజశ్రీ కంపెనీవారి పాదపద్మములకు

వశిష్ఠకి ఈవల రాజోలు, మలికిపురం. ఆవల నరసాపురం, పాలకొల్లు. ఈ ఊళ్ల జిరాక్సు కొట్లలో కొన్నేళ్లుగా ఓ సాహిత్య ప్రక్రియ వర్ధిల్లుతోంది. విమర్శకులెవరూ ఇంకా పట్టించుకోలేదు గానీ, పాఠకుడు మాత్రం సముద్రాలకి అవతల, కువైట్‌లో ఉంటాడు. దాని పేరు రిక్వెస్ట్ లెటర్. గల్ఫ్‌లో ఎనిమిదేళ్లు చాకిరీ చేసి ఇంటికొచ్చేసిన మనిషి, సర్వీసు డబ్బులు ఇక్కడి బ్యాంకుకి పంపమని పాత కంపెనీకి రాయించుకునే ఇంగ్లీషు ఉత్తరం.

ఇందులో కవి సమయాలు స్థిరపడిపోయాయి. మొదటి పేరాలో కంపెనీవారి చల్లని నీడలో గడిపిన కాలం. రెండో పేరాలో తల్లికి షుగరు, తండ్రికి పక్షవాతం, ఆడపిల్ల పెళ్లి. మూడో పేరాలో మీరు దయామయులు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. చివర్న, మీకు వీలైతే, తోచినంత. కొట్టువాడు యాభై రూపాయలు తీసుకుని, పేరూ ఊరూ మార్చి ముద్రించి ఇస్తాడు. ఓ ఉత్తరంలో పక్కవీధి మనిషి తండ్రి పక్షవాతం అలాగే ఉండిపోయిందట. సొంత తండ్రి ఆ రోజు చేలో ఊడుపులు చూసుకుంటున్నాడు.

ఈ ఉత్తరంలో ఉండనిది ఒక్కటే: ఎంత డబ్బు రావాలో. రాసినవాడికి తెలీదు, రాయించుకున్నవాడు అడగడు. అది కంపెనీవారు సంక్రాంతికి పెట్టే మామూలు అన్నట్టు అందరూ ఓ అవగాహనకి వచ్చేశారు. కువైట్ ప్రభుత్వం మాత్రం ఇంత వినయం చూపలేదు. 2010లో చేసిన 6వ నంబరు కార్మిక చట్టంలో ఆ డబ్బు లెక్క రాసిపెట్టింది. మనవాళ్లు ఎవరి దయ కోసం కన్నీళ్లు ధారపోస్తున్నారో, ఆ దయ అరబ్బీలో అచ్చై, సెక్షన్ నంబర్లతో సహా ఉంది.

లెక్క చూద్దాం. మలికిపురం దగ్గర ఓ కుర్రాడు ఉన్నాడనుకోండి. క్లీనింగ్ కంపెనీలో నెలకి 130 దినార్ల జీతం, ఎనిమిదేళ్ల సర్వీసు. నెలజీతాన్ని 26తో భాగిస్తారు, ముప్పైతో కాదు. రోజుకి 5 దినార్లు. మొదటి అయిదేళ్లకి ఏడాదికి పదిహేను రోజుల జీతం, అంటే 75 దినార్లు, అయిదేళ్లకి 375. ఆ తర్వాత ప్రతి ఏడాదికీ ఓ నెల జీతం; మూడేళ్లకి 390. మొత్తం 765 దినార్లు. గరిష్ఠంగా ఏడాదిన్నర జీతం దాటకూడదని ఓ హద్దు ఉంది గానీ మనవాడు దాని దరిదాపుల్లో లేడు. వాడుకోని సెలవు మిగిలి ఉంటే ఆ జీతం వేరే. ఇంటర్ తప్పినవాడు కూడా చేయగల లెక్క. మన పెళ్లిళ్లలో కట్నం లెక్క ఇంతకన్నా క్లిష్టం, అది అందరూ నోటితోనే వేసేస్తారు.

ఇప్పుడు కంపెనీవారి వంతు. వాళ్లు పాపం ఒక్క అబద్ధం కూడా ఆడరు, కాయితాలే ఆడతాయి. మనవాణ్ణి ఆఫీసుకి పిలిచి, "పని తగ్గింది, వెళ్లిపోవాలి, ఇక్కడ సంతకం పెట్టు, టికెట్ రేపే" అంటారు. అరబ్బీలో ఉన్న ఆ మొదటి కాయితం రాజీనామా. పంపించేది వాళ్లు, వెళ్తున్నానని రాసిచ్చేది మనవాడు. ఈ చిన్న మర్యాదకి చట్టంలో ధర ఉంది. కంపెనీయే తీసేస్తే పూర్తి డబ్బు రావాలి. మనిషే మానేస్తే మూడేళ్ల లోపు సున్నా. మూడు నుంచి అయిదేళ్ల లోపు సగం. అయిదు నుంచి పదేళ్ల లోపు మూడింట రెండు వంతులు. పదేళ్లు నిండితేనే పూర్తిగా. ఎనిమిదేళ్లవాడి 765 ఒక్క సంతకంతో 510 అయిపోతుంది. 255 దినార్లు, మన డబ్బుల్లో డెబ్బై వేల పైమాటే. నెలజీతగాణ్ణి తీసేస్తే మూడు నెలల ముందు నోటీసో, దాని బదులు జీతమో ఇవ్వాలి. ఆ మాట కూడా ఆ సంతకంతోనే గాలికి పోతుంది. కోనసీమలో సెంటు భూమికి కూడా దస్తావేజు చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యం. కువైట్‌లో మాత్రం చదవడం రాని భాషలో సంతకం పెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టి మరీ ఇచ్చొస్తాం.

రెండో విద్య జీతం మీద. చేతికి 130 ఇస్తున్నా, వర్క్ పర్మిట్‌లో 78 అని రాసి ఉంటుంది. లెక్క 78తో వేస్తే 765 కాస్తా 459. దానికి రాజీనామా మూడింట రెండు తగిలిస్తే 306. ఎనిమిదేళ్ల సర్వీసు రెండు కాయితాల మధ్య నలిగి ఇంతవుతుంది. దీనికి విరుగుడు కన్నీళ్ల పేరా కాదు, బ్యాంకు స్టేట్‌మెంటు. జీతాలు బ్యాంకు ద్వారానే వెయ్యాలని అక్కడి చట్టమే చెప్తుంది కాబట్టి, నెలనెలా 130 పడినట్టు చూపించే కాయితం మనవాడి ఖాతాలోనే ఉంటుంది. విమానం ఎక్కే ముందు అది తెచ్చుకోవాలి. మనవాడు తెచ్చుకునేవి టాంగ్ డబ్బాలు, అత్తరు, మేనమామకి దుప్పటి.

మూడో కాయితం అన్నిటికన్నా అందమైనది: "నాకు రావలసినవన్నీ ముట్టాయి." దీని మీద సంతకం పెడితే గానీ పాస్‌పోర్టు చేతికి రాదు, టికెట్ కనపడదు. "డబ్బు సంగతి?" అంటే "నువ్వెళ్లు, మీ ఇంటి బ్యాంకుకి పంపిస్తాం" అంటారు. ఈ వాక్యం నమ్మి వచ్చినవాళ్లే తర్వాత జిరాక్సు కొట్టు ముందు నిలబడేది. ముట్టాయని సంతకం పెట్టి, మూణ్ణెల్ల తర్వాత ముట్టలేదు పంపండి మహాప్రభో అని రాసేవాణ్ణి చూసి కంపెనీ గుమస్తా ఏమనుకుంటాడు? ఏమీ అనుకోడు. మనవాడి సంతకమున్న కాయితాన్నే తీసి చూపిస్తాడు.

అసలు ఆ డబ్బు ఇంటి బ్యాంకుకి ఎందుకు రావాలో నాకు బోధపడదు. జీతం పడిన ఖాతా కువైట్‌లోనే ఉంది. అకామా రద్దు కాకముందే అందులో వేయించుకుని, అదే రోజు ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్లి మనమే పంపుకుంటే పోయేది ఒక మధ్యాహ్నం. అకామా పోతే సివిల్ ఐడీ పోతుంది, ఐడీ పోతే ఆ ఖాతా స్తంభించిపోతుంది. అంటే వరస ముఖ్యం: ముందు డబ్బు, ఆ తర్వాత సంతకం, ఆఖర్న టికెట్. మనవాళ్లకి ఇది సరిగ్గా తలకిందులుగా అలవాటైపోయింది.

పోనీ కంపెనీ నిజంగానే మనసు మార్చుకుని పంపుతానంటే? అప్పుడు ఉత్తరంలో రెండో భాగం బయటపడుతుంది. బ్యాంకు వివరాల దగ్గర మనవాడు ఆంధ్రా బ్యాంకు, రాజోలు, అని గర్వంగా రాయిస్తాడు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. `ANDB` అని మొదలయ్యే పాత కోడ్లు కూడా ఆ తర్వాత చెల్లకుండా పోయాయి. పాస్‌బుక్కు మాత్రం ట్రంకు పెట్టెలో అట్ట చెదరకుండా ఉంది, అందుకని దాన్నే చూసి రాస్తారు. కంపెనీ ఫారంలో ఐబాన్ అని ఓ గడి ఉంటుంది. మన దేశంలో ఐబాన్ అనేదే లేదు. జిరాక్సు కొట్టువాడు గడి ఖాళీగా వదలడం అపశకునమని, ఖాతా నంబరు ముందు రెండు సున్నాలు పెట్టి నింపేస్తాడు. అక్కడ రాయాల్సింది ఖాతా నంబరు, కొత్త ఐఎఫ్ఎస్‌సీ, విదేశీ మారకం చూసే శాఖ స్విఫ్ట్ కోడు; పంపే ఖర్చులు పంపేవారే భరించాలన్న ఒక్క ముక్క. అది రాయకపోతే దారిలో బ్యాంకులు తలా కాస్త గిల్లుకుంటాయి.

ఇక పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరంగా. ఈ రెండూ ఒకే మనిషివని రాజోలు అంతా సాక్ష్యం చెప్తుంది గానీ, రాజోలుని బ్యాంకు కంప్యూటరు అడగదు. తేడా ఉందని డబ్బు వెనక్కి పంపేస్తుంది. గుర్తింపు కాయితాలేవీ లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే మరీ ఘోరం: అందులో ఏడాది మొత్తానికి లక్షకి మించి పడకూడదు, అవి ఇచ్చేదాకా విదేశీ డబ్బు అసలు పడదు. ఎనిమిదేళ్ల కష్టం గుమ్మందాకా వచ్చి తిరిగిపోతుంది.

ఇళ్లలో పనికెళ్లిన ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లలో వాళ్ల వాటా పెద్దది. వాళ్లకి 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం వర్తిస్తుంది. ఆ లెక్క ఇంకా సులువు: ఏడాదికి ఓ నెల జీతం. తొమ్మిదేళ్లు వంద దినార్ల మీద చేసిన మనిషికి 900. ఈ సొమ్ము ఎవరి ఖాతాలో వెయ్యాలని ఉత్తరంలో రాస్తారో చూడండి: మొగుడిది, లేకపోతే అన్నది. "ఆవిడకి బ్యాంకు పనులేం తెలుస్తాయండీ" అంటారు. వేరే దేశంలో, వేరే భాషలో, పదిమంది పిల్లల ఇంటిని తొమ్మిదేళ్లు నడిపిన మనిషికి రాజోలు బ్యాంకు గుమ్మం ఎక్కడం తెలీదట.

చివరి మెరుగు కాపీల జాబితా. ఉత్తరం కింద, ముఖ్యమంత్రిగారికి, ప్రధానమంత్రిగారికి, ఎంపీగారికి, ఎమ్మెల్యేగారికి, కలెక్టరుగారికి ప్రతులు. ఈ పెద్దల్లో ఒక్కరికీ కువైట్ కంపెనీ మీద కుర్చీ జరిపించే అధికారం లేదు. ఆ అధికారం ఉన్న కార్మిక శాఖకి మాత్రం ప్రతి వెళ్లదు. కోర్టుకి వెళ్లాలన్నా ముందు అక్కడే అర్జీ ఇవ్వాలి. వాళ్లు నెలలో రాజీ కుదర్చలేకపోతే కోర్టుకి పంపుతారు, కార్మికుడికి కోర్టు ఫీజు కూడా లేదు. ఉద్యోగం ముగిసిన ఏడాదిలోపు అడగకపోతే మాత్రం ఆ హక్కు చెల్లదు. మనిషి తిరిగొచ్చేశాక అక్కడ ఎవరో ఒకరికి అధికార పత్రం ఇవ్వాలి. అక్కడ ఉండగా అయితే నోటరీ ఆఫీసులో ఒక్క పూట పని. ఇక్కణ్ణుంచి అయితే నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, కువైట్ రాయబార కార్యాలయం అని నాలుగు గుమ్మాలు, నాలుగు ముద్రలు.

మనవాడు ఈలోగా రెండో రిక్వెస్ట్ లెటర్ రాయించాడు. మొదటిదానికి జవాబు రాలేదని, భాష ఇంకాస్త మెత్తగా ఉండాలని కొట్టువాడే సలహా ఇచ్చాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు అప్పటికే అయిపోయాయి.