పోయిన ఆటకు తొమ్మిది గంటల ఆయుష్షు

ఆన్‌లైన్‌లో కొన్న ఆట తెరుచుకోకపోతే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. నేను కొన్న దుకాణంలో నియమం ఏమిటంటే, కొని 14 రోజులు దాటకూడదు, ఆడింది 2 గంటలు దాటకూడదు. నేను అసలు ఆడనే లేదు కదా, ఇంతకు మించిన అర్హత ఎవరికుంటుంది అనుకున్నాను.

రోగలక్షణం ఇదీ. ‘ప్లే’ నొక్కితే ఆ బటన్ ‘రన్నింగ్’ అని మారుతుంది. కర్సర్ పక్కన చక్రం కాసేపు తిరుగుతుంది. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ ‘ప్లే’ అంటుంది. ఏదో డీఎల్ఎల్ ఫైలు లేదని ఏడ్చినా బాగుండేది. చాలాసార్లు మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీ వేస్తే అది కుదురుకుంటుంది. ఇది నోరే విప్పలేదు.

మెయిల్ రాశాను. వినియోగదారుడి వేదన, 1,499 రూపాయల విలువ, నమ్మకం, ద్రోహం... అన్నీ వచ్చాయి. మా మేనల్లుడు చదివి, “మామయ్యా, ఇది రిఫండ్ మెయిలా, రాజీనామా లేఖా? ఆర్డర్ నంబరేదీ?” అన్నాడు. భావావేశంలో అలాంటివి గుర్తుంటాయా!

జవాబు త్వరగానే వచ్చింది. ఆటను 9 గంటల 40 నిమిషాలు ఆడారు గనక రిఫండ్ కుదరదట. అయినా సమస్య ఉంటే కంప్యూటర్‌ని ఒకసారి ఆపి ఆన్ చేయాలట. ఇది విని మా ఆవిడ, “తొమ్మిది గంటలా? గ్యాస్ బుక్ చేయమంటే మాత్రం తీరిక లేదన్నారు!” అంది. దుకాణానికైతే రుజువులు చూపించవచ్చు, ఈమెకేం చూపించను?

మేనల్లుడు టాస్క్ మేనేజర్ తెరిచాడు. ఆట ఎప్పుడో పోయింది. ఆ కబురు కంపెనీకి పంపాల్సిన క్రాష్ రిపోర్టర్ అనే చిన్న ప్రోగ్రాం మాత్రం పంపలేక, పోలేక రాత్రంతా తెర వెనక కూర్చుంది. ఆటతో పాటు మొదలైన ప్రోగ్రాం ఏది బతికున్నా దుకాణం లెక్కలో మనం ఆడుతున్నట్టే. అంటే చావు కబురు ఆలస్యమైనంతసేపూ నేను వినోదించానన్నమాట. వీధిలో మీటర్ ఆటో ఎక్కకపోయినా ఛార్జీ పడ్డట్టుంది.

ఆట ఎందుకు పోయిందో విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో దొరికింది. స్టార్ట్ దగ్గర ఆ పేరు కొట్టి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ తెరిస్తే, మనం ‘ప్లే’ నొక్కిన సమయానికి ఎదురుగా ఎర్ర గుర్తుంటుంది.

```
Event ID: 1000
Exception code: 0xc000001d
```

తనకు తెలియని ఆజ్ఞ ఎదురైందని ప్రాసెసర్ చేతులెత్తేసినప్పుడు వచ్చే కోడ్ అది. ఈ ఆటకు ఏవీఎక్స్ అనే ఆజ్ఞల వరుస కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలోకి అది 2011లోనే వచ్చింది. కానీ 2017లో సికింద్రాబాద్ సీటీసీలో నేను అసెంబుల్ చేయించిన పెంటియం జీ4560లో లేదు. చవక రకాల్లో కంపెనీ దాన్ని వేయలేదు. ఆట అమ్మిన పేజీలోనేమో ‘రెండు కోర్లు, 3 గిగాహెర్ట్జ్’ అని రాసి ఊరుకున్నారు. నాదానికి రెండు కోర్లున్నాయి, 3.5 గిగాహెర్ట్జ్ ఉంది. ఏవీఎక్స్ ఊసే లేదు. డ్రైవర్లు మార్చినా, ఫైళ్లు సరిచూసినా ఈ జబ్బు నయం కాదు, ప్రాసెసర్ మార్చాల్సిందే.

రెండో మెయిల్‌లో సాహిత్యం లేదు. ఆర్డర్ నంబరు, కొన్న తేదీ, పై కోడ్, వాళ్ల పేజీలో రాసిన అర్హతలు, వాటి పక్కన నా ప్రాసెసర్ పేరు, టాస్క్ మేనేజర్ స్క్రీన్‌షాట్. 9 గంటల లెక్కకు ఒక్క వాక్యం: ఆడినట్టయితే ఒక్క సేవ్ ఫైలైనా ఉండాలి, లేదు. డబ్బు కట్టిన యూపీఐకే తిరిగి వేయమన్నాను. చివర్లో, 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలనీ, నెలలో పరిష్కరించాలనీ మర్యాదగా గుర్తు చేశాను. అప్పటికీ పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నాను. “తిట్టు ఒక్కటైనా పెట్టనివ్వరా” అని మేనల్లుణ్ణి బతిమాలాను, వాడు వినలేదు.

ఈసారి మనిషే చదివినట్టున్నాడు. డబ్బు వెనక్కి వచ్చింది. ఆ వెంటనే దుకాణం నుంచి ఇంకో మెయిల్ కూడా వచ్చింది: మీరు ఎక్కువసేపు ఆడిన ఆటను బట్టి మీకు తప్పక నచ్చుతుందంటూ, దాని రెండో భాగం, ఇరవై శాతం తగ్గింపుతో.